ఊరికే పిలిచాడు

ఏసురాజుకు తన బావతో చెప్పవలసిన మాట ఒకటి ఉండేది. రెండేళ్ళు నోరు పెగల్లేదు. చివరికి దాన్ని ఒక కథలో పెట్టి, అచ్చులో బావ ఇంటికి చేరేలా నా చేతికిచ్చాడు. నేను ఆ మాటను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మధ్యలో నా గొప్పలు కొన్ని వస్తాయి, వాటిని మీరే కొట్టేసుకోండి.

నా పేరు హేబ్సిబా. పుట్టింది, పెరిగింది బీదర్‌లో. ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ పొద్దున్నే బస్సెక్కి, రాష్ట్రం సరిహద్దు దాటి, జహీరాబాద్ బడిలో తెలుగు చెప్పి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. రిటైరయ్యాక మా చర్చిలోని తెలుగు కుటుంబాలు మూడు నెలలకోసారి తెచ్చే పత్రికకు నన్ను ఎడిటర్‌ను చేశారు. నా గొప్పతనం చూసి కాదు, ఇంకెవరూ ఒప్పుకోలేదు కనక. ఇరవై నాలుగు పేజీలు. అందులో పాస్టర్ గారి మాట, పెళ్ళిళ్ళు, మరణాలు, బాప్తిస్మాలు పోగా కథకు మిగిలేవి రెండు పేజీలు.

ఆ రెండు పేజీలకు వచ్చే కథలు చదివి చదివి నాకు రోత పుట్టింది. అబద్ధం చెప్పను. మనవాళ్ళకు ఒక రోగం ఉంది. దాన్ని నేను ‘గా’ రోగం అంటాను. ఏ మనిషీ ఊరకే నడవడు, మెల్లగా నడుస్తాడు. ఎవరూ నవ్వరు, చిరునవ్వుగా నవ్వుతారు. ఏడిస్తే బాధగా ఏడుస్తారు, సంతోషంగా ఏడుస్తారేమోనని మనకు అనుమానం రాకుండా. ఆ తర్వాత రచయిత మన భుజం మీద చెయ్యి వేసి, చూశారా, ఇతను ఎందుకు ఏడ్చాడంటే, అని మొదలుపెడతాడు. అన్నం ముద్ద నమిలి నోట్లో పెట్టినట్టుంటుంది నాకు. ఎవరికి తినబుద్ధవుతుంది?

అది రెండువేల ఆరు. హైదరాబాద్‌లో భూమికి పిచ్చి పట్టిన రోజులు. బీదర్‌లో తెలుగు అచ్చు వేసేవాళ్ళు లేక మా పత్రిక అక్కడే అచ్చయ్యేది. ఆ ప్రెస్సులో పేజీలు కట్టే అమ్మాయి పేరు సీమ. అపార్ట్‌మెంట్ల కరపత్రాల కింద ఆమె నలిగిపోయేది, మా ఇరవై నాలుగు పేజీలను ఆ సందుల్లో దూర్చేది. ప్రూఫులు బస్సు పార్సిల్లో వచ్చేవి, పాడైన కరపత్రాల్లో చుట్టి. విప్పితే మళ్ళీ అదే రోగం. విశాలంగా, విలాసంగా, ప్రశాంతంగా, ప్రకృతి ఒడిలో హాయిగా. ఇటుక పేర్చకముందే గా, గా, గా. అవి పొయ్యిలో పెట్టి చాయ్ కాచుకునేదాన్ని.

ఇక ఏసురాజు. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. ఊరి బయట ఫ్యాక్టరీలుండే కొల్హార్‌లో షట్టర్లు, గ్రిల్లులు చేసే ఒక వర్క్‌షాపులో ఫిట్టర్. హైదరాబాద్‌లో ఎన్ని అపార్ట్‌మెంట్లు లేస్తే ఇక్కడ అన్ని షట్టర్లు. పొద్దున ఆటోలో పదిమంది మీద పదకొండోవాడిగా వేలాడుతూ పోయేవాడు. సన్నని మనిషి, మెడ పొడుగు, మాట తక్కువ. చదువు కన్నడ బడిలో. తెలుగు రాయడం మాత్రం ఆదివారం చర్చి వెనుక గదిలో నేను నేర్పిందే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పుల వైపు చూసేవాడు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నం అక్క షెకినా ఇంట్లో. ఆమె భర్త జీవరాజ్ కూడా అదే వర్క్‌షాపులో పనిచేసేవాడు. రెండేళ్ళ కిందట హైదరాబాద్ ఆర్డరు పెద్దది రావడంతో యజమాని జీవరాజ్‌ను మేస్త్రిని చేశాడు. చేసిన నాలుగో రోజే, పవర్ ప్రెస్సుకు డై బిగిస్తుండగా, అంటే రేకును కోసే ఆ ఇనుప అచ్చును గొలుసుతో దింపుతుండగా, గొలుసు జారింది. జీవరాజ్ కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. అప్పుడు షెడ్డులో ఉన్నది ఏసురాజు ఒక్కడే. బావ పిలిచాడట, ఇతనికి వినపడలేదట. కొల్హార్‌లో మిషన్ల చప్పుడుకు చెవులు పనిచేయవని ఊరందరికీ తెలుసు, అందుకని అందరూ నమ్మారు. జీవరాజే అందరితో అనేవాడు, “పాపం, వానికి ఇనపడలే,” అని. ఇప్పుడతను గాంధీ గంజ్‌లో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టు ముందు కూర్చుని, లోపలికి బయటికి పోయే సంచులకు ఎడమచేత్తో సుద్దగీతలు పెడతాడు.

ఆ ఆగస్టులో ఏసురాజు మా ఇంటికి వచ్చాడు. చేతిలో తొమ్మిది కాగితాలు.

“కథ రాసిన టీచరమ్మా. జర సూడుండ్రి.”

“ఏం కథ?”

“బావ చెయ్యి కథ.”

“జీవరాజ్‌కు తెలుసా?”

“అచ్చయినంక తెలుస్తది. అక్క సదివి ఇనిపిస్తది గదా.”

జీవరాజ్‌కు తెలుగు చదవడం రాదు, కన్నడమే వచ్చు. పత్రిక వచ్చిన ఆదివారం అన్నాలకు ముందు షెకినా దాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి వినిపించడం ఆ ఇంట్లో అలవాటు. ఏసురాజు మొహంలో ఏదో ఉంది. నేను దాన్ని కొత్త రచయిత బెదురు అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల మొహాలు చదివిన దాన్నని నాకు పొగరు.

అతను పోయాక కాగితాలు తీశాను. మొదటి పేజీ సగానికే పెన్ను మూత పళ్ళతో పీకాను. ప్రమాదం జరిగిన సీను ఇలా ఉంది. ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాస్తున్నాను, నా బాధ మీరూ పడండి.

‘ఆ రోజు ఉదయం నేను దిగులుగా, బరువుగా వర్క్‌షాపులోకి మెల్లమెల్లగా అడుగుపెట్టాను. ఎందుకంటే నా మనసు మనసులో లేదు. మా బావ గంభీరంగా గొలుసు లాగుతున్నాడు. డై భయంకరంగా గాలిలో ఊగుతోంది. అది ప్రమాదకరంగా ఒక పక్కకు ఒరిగింది. అలా ఒరిగితే రెండో మనిషి గడ్డపార పెట్టి ఎత్తాలి. బావ కుడిచేత్తో దాన్ని ధైర్యంగా ఆపి పట్టుకున్నాడు. ఎందుకంటే బావ ధైర్యవంతుడు. గడ్డపార నా కాళ్ళ దగ్గరే నిశ్శబ్దంగా పడి ఉంది. బావ నన్ను ఊరికే పిలిచాడు. మిషన్ల చప్పుడులో మనిషి గొంతు వినపడదని కొల్హార్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఇంతలో గొలుసు హఠాత్తుగా, ఒక్కసారిగా జారింది. డై దబ్బుమని కిందపడింది. బావ చెయ్యి దాని కింద ఉంది. బావ బాధగా, హృదయవిదారకంగా అరిచాడు. నా గుండె వేయి ముక్కలైంది. విధి ఎంత క్రూరమైనదో నాకు స్పష్టంగా అర్థమైంది. పేదవాడి చేతికి ఈ లోకంలో విలువ లేదు కదా అని నేను ఆవేదనగా అనుకున్నాను.’

చీ. గడ్డపార నిశ్శబ్దంగా పడి ఉందట! లేకపోతే పాట పాడుతుందా?

కానీ పని పనే. రోత పుట్టిందని చెత్తబుట్టలో వేయడం ఎడిటింగ్ కాదు. ముందు పెన్ను ముట్టుకోకుండా, ఈ సీనులో జరిగినవేమిటో పక్క కాగితం మీద రాసుకున్నాను. అతను లోపలికి వచ్చాడు. బావ గొలుసు లాగాడు. డై ఒరిగింది. బావ చెయ్యి పెట్టాడు. గడ్డపార ఇతని దగ్గర ఉంది. బావ పిలిచాడు. గొలుసు జారింది. డై పడింది, బావ అరిచాడు. ఇవి పోకూడదు. మిగతాది ఏది పోయినా సీనుకు నష్టం లేదు.

తర్వాత కొట్టడం మొదలుపెట్టాను. డై ఊగుతోందంటే భయం అందులోనే ఉంది, ‘భయంకరంగా’ అక్కర్లేదు. ఒరిగే ఇనుముకు చెయ్యి అడ్డం పెట్టినవాడికి ధైర్యం ఉందని పాఠకుడికి తెలియదా? ‘ఎందుకంటే’ అని మొదలైన వాక్యాలు రెండూ పోయాయి. జారడమంటేనే హఠాత్తు. ఇనుము పడితే దబ్బుమనక దూదిలా పడుతుందా? చెయ్యి కింద ఉన్నాక అరుపు ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. గుండె ముక్కలు, విధి, పేదవాడి చేతి విలువ, మూడు వాక్యాలకూ ఒకటే గీత. అంత వాత పెట్టాక మళ్ళీ వెన్న పూయడమెందుకు?

అన్నీ కొట్టలేదు. ‘కుడిచేత్తో’ కూడా ఎలా పట్టుకున్నాడో చెప్పే మాటే, అయినా ఉంచాను, పోయింది ఆ చెయ్యే కనక. గడ్డపార పెట్టి ఎత్తాలన్న వాక్యం వివరణే, అయినా ఉంచాను. వర్క్‌షాపు ఎరగని మనిషికి ఆ వాక్యం లేకపోతే గడ్డపార అక్కడెందుకుందో తెలియదు. తెలియనిది చెప్పడం వేరు, తెలిసినదే మళ్ళీ చెప్పడం వేరు. చప్పుడు వాక్యాన్ని కూడా ఆ లెక్కనే ఉంచాను. పిలిస్తే ఎందుకు రాలేదో పాఠకుడికి తెలియాలి కదా అనుకున్నాను.

‘ఊరికే పిలిచాడు’ దగ్గర పెన్ను ఆగనైనా ఆగలేదు. ఊరికే అంటే పనిలేక, ఉత్తినే. డై ఒరుగుతుంటే ఉత్తినే పిలుస్తాడా ఎవడైనా? అర్థంలేని మాట, పనికిరాని మాట. గీత.

మిగిలింది ఇది.

‘ఆ రోజు ఉదయం వర్క్‌షాపులోకి అడుగుపెట్టాను. బావ గొలుసు లాగుతున్నాడు. డై గాలిలో ఊగుతోంది. ఒక పక్కకు ఒరిగింది. అలా ఒరిగితే రెండో మనిషి గడ్డపార పెట్టి ఎత్తాలి. బావ కుడిచేత్తో దాన్ని ఆపి పట్టుకున్నాడు. గడ్డపార నా కాళ్ళ దగ్గరే ఉంది. బావ నన్ను పిలిచాడు. మిషన్ల చప్పుడులో మనిషి గొంతు వినపడదని కొల్హార్‌లో ఎవరినడిగినా చెబుతారు. గొలుసు జారింది. డై కిందపడింది. బావ చెయ్యి దాని కింద ఉంది. బావ అరిచాడు.’

చదువుకుని మురిసిపోయాను. తొమ్మిది కాగితాలూ ఇలాగే చెక్కి రెండు పేజీలకు తెచ్చి, పార్సిల్ చేసి హైదరాబాద్ పంపాను. రచయితకు చూపించి పంపాలన్న నియమం ఒకటుంది. నేర్పిన పిల్లవాడికి చూపించేదేమిటిలే అని నేను దాన్ని పాటించలేదు.

పది రోజులకు ప్రూఫు రెండు ప్రతులు, వాటితో నేను గీతలు పెట్టిన కాగితాలు తిరిగి వచ్చాయి. తప్పులు దిద్ది ఒక ప్రతి తిప్పి పంపాను. అది చేరి, సీమ పేజీలు సరిచేసిన రోజు గురువారం. ఆ మధ్యాహ్నం ఏసురాజు సెలవు పెట్టి వచ్చాడు. నా దగ్గరున్న రెండో ప్రతి ఇచ్చి, మెప్పు కోసం ఎదురుగా కూర్చున్నాను.

అతను వేలు పెట్టి లైను లైనూ చదివాడు. సీను దగ్గర వేలు ఆగింది. మళ్ళీ వెనక్కి పోయింది.

“ఊరికే ఏడ పోయింది టీచరమ్మా?”

“తీసేసిన. అక్కెర లేదు గదా.”

“గదే గదా కావాల్సింది.”

“ఏం మాటరా అది? ఊరికే పిలిచిండంటే ఏమర్థం? పనిలేక పిలిచిండా మీ బావ?”

“పనిలేక ఎందుకు పిలుస్తడు? ఊకె పిలిచిండు.” నా మొహంలోకి చూశాడు. “ఊకె, టీచరమ్మా. మల్ల మల్ల. మీరే గదా ఊకె అని రాయొద్దు, ఊరికే అని రాయాలె అన్నది. మా అమ్మ నన్ను ఊకె పిలుస్తది అని రాస్తే కొట్టేసి దిద్దిండ్రు. అరిచెయ్యి మీద స్కేలుతోని ఒకటి కొట్టిండ్రు గూడ.”

నాకు ఆ దెబ్బ గుర్తు లేదు. ఎందరి చేతుల మీద కొట్టానో లెక్క ఉంటే కదా. కానీ ఆ దిద్దుబాటు నాదే. జహీరాబాద్‌లో, చర్చి వెనుక గదిలో, ‘ఊకె’ కనిపించినచోటల్లా గీత గీసి ‘ఊరికే’ అని రాశాను. ఒకటి పల్లె మాట, ఒకటి పుస్తకం మాట, అర్థం ఒకటేనని చెప్పాను. మన ఊకెలో మళ్ళీ మళ్ళీ అన్న అర్థం ఉంది, పుస్తకం ఊరికేలో అది లేదు. ఇంట్లో నేనే రోజుకు ఇరవైసార్లు అంటాను, పిల్లి ఊకె వస్తాంది, కరెంటు ఊకె పోతాంది అని. పెన్ను పట్టుకోగానే నాకు చెవులు పోతాయి. అతని మాట మార్చిందీ నేనే, మార్చిన మాట పనికిరాదని కొట్టిందీ నేనే. నా మీద నాకు కంపరం పుట్టింది.

“సరే, పదేపదే పిలిచాడు అని పెడదాం,” అన్నాను.

“పదేపదే అంటె లెక్క లేనట్టు. నాకు లెక్క తెలుసు.”

“ఎన్నిసార్లు?”

“నాలుగు.”

నాకు ఇంకా అర్థం కాలేదు చూడండి. “వినపడనప్పుడు లెక్క ఎట్ల తెలుసురా?” అన్నాను, తప్పు పట్టుకున్న పంతులమ్మలా.

అతను చప్పుడు వాక్యం మీద వేలు పెట్టాడు. “గిది తీసెయ్యుండ్రి. గిది అబద్ధం. డై మార్చేటప్పుడు ప్రెస్ బంద్ చేస్తరు. పక్క షెడ్డుల గ్రైండర్ నడుస్తుండె, గంతే. ఇనపడింది.”

“ఇనపడితే?”

“తిరగలే. నేను ఆయనకంటె పనిల మూడేండ్లు సీనియర్. ఆయన మేస్త్రి అయిండు. మేస్త్రి పిలువంగనే ఉరకాల్నా అనుకున్న. ఒకసారి పిలిచిండు, బూట్ల దారం కట్టుకుంటున్న. రెండోసారి పిలిచిండు, ఇంకో బూటు కట్టుకున్న.” ఆగాడు. “ఇంతకుముందే కట్టుకున్న బూట్లు టీచరమ్మా. ఇడిసి మల్ల కట్టుకున్న.”

నిజం చెబుతాను. నాకు అతని మీద జాలి కలగలేదు. రోత పుట్టింది. లేచి అతను కూర్చున్న కుర్చీ కడగాలనిపించింది. ఆ మనిషి రెండేళ్ళు అదే ఇంట్లో, ఆ మూడు వేళ్ళు లేని చేతి ఎదురుగా, అక్క పెట్టిన అన్నం తిన్నాడు.

“ఎట్ల మింగినవురా?” అన్నాను.

“పోకుంటే అనుమానం వస్తదని పోయిన. పోయినప్పుడల్ల అక్క మొదటి ముద్ద నాకే పెడ్తది. నోరు తెరుస్త, అన్నం లోపలికి పోతది గని మాట బయటికి రాదు. గందుకే రాసిన. రాసుకుంట రాసుకుంట భయమై, విధి అని, గుండె అని, ఏమేమో పెట్టిన. చప్పుడు అని పెట్టిన. ఊరికే అన్న ఒక్క మాట మాత్రం నిజం పెట్టిన. అక్కకు తెలుస్తది, బావకు తెలుస్తది అనుకున్న.”

అప్పుడు నా ఎర్ర గీతలన్నీ మళ్ళీ చూశాను. వందకు పైగా ఉన్నాయి. కథలో నిజం చెప్పిన మాటను చెత్త అని తీసేశాను, అబద్ధం చెప్పిన వాక్యాన్ని అవసరం అని కాపాడాను. జరిగినవాటి జాబితా రాసుకున్నప్పుడు ‘పిలిచాడు’ అని రాసుకున్నానే కానీ, ఎన్నిసార్లు అని నన్ను నేను అడగలేదు. రచయితను అడగలేదు. అతను పది ఇళ్ళ అవతల ఉంటాడు.

గడియారం చూస్తే మూడు దాటింది. సీమకు ఫోన్ చేశాను. మూడుసార్లు తిప్పితే గాని దొరకలేదు.

“మేడమ్, మీ పేజీలు ఫైనల్ అయినయి. నాలుగు గంటలకు ప్లేట్లకు ఇస్తున్నం,” అంది.

“ఒక్క లైను మార్చాలె తల్లీ.”

“లైను పెరిగితే కింది పేజీ మొత్తం కదుల్తది మేడమ్. నాతోని కాదు. విల్లాల బ్రోచర్ నెత్తి మీద ఉంది.”

“పెరగదు. ఒక లైను తీసి ఒక లైను పెడుత. అయిదు నిమిషాలు ఆగు.”

చప్పుడు వాక్యం ఎంత పొడుగుందో అంతలోనే ఇమడాలి. కాగితం ఏసురాజు ముందుకు జరిపాను. ఈసారి నేను రాయలేదు. అతను రాశాడు, ‘బావ నన్ను ఊకె పిలిచిండు, నేను వింటూనే, సిగ్గుగా,’ అని మొదలుపెట్టాడు. నా చెయ్యి పెన్ను కోసం లేచింది, దించుకున్నాను. అతనే ఆగి, ‘సిగ్గుగా’ కొట్టేశాడు. తర్వాత అంతా కొట్టేశాడు.

“నాలుగు అని పెడితె చాలు గదా?” అన్నాడు.

“నువ్వు ఇన్నవని కూడా ఉండాలె. లేకుంటే మళ్ళ చప్పుడే అనుకుంటరు.”

అతను రాసిన దాన్ని నేను ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పాను. సీమ తిప్పి చదివింది. “బావ నన్ను నాలుగుసార్లు పిలిచాడు. నాలుగుసార్లూ విన్నాను. నేను తిరగలేదు.” తర్వాత, “ఇమిడింది మేడమ్,” అని పెట్టేసింది.

పత్రిక సెప్టెంబరు రెండో వారంలో వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఏసురాజు నా పక్కకు వచ్చి, మీరు కూడా రండి అన్నాడు. నాకు పోబుద్ధి కాలేదు. కానీ ఇందులో నా చెయ్యి ఉంది. పోయాను.

షెకినా వంట దించి వచ్చి గడప మీద కూర్చుంది. అన్నం గిన్నె పక్కన పొగలు కక్కుతోంది. జీవరాజ్ మంచం మీద, చాయ్ గ్లాసు ఎడమచేతిలో. ఏసురాజు కింద చాప మీద. షెకినా పాస్టర్ గారి మాట చదివింది, పెళ్ళిళ్ళు చదివింది. తర్వాత కథ. ‘ఏసురాజు’ అన్న పేరు చదివి తమ్ముడి వైపు చూసి నవ్వింది.

“నా చెయ్యి కథనా?” అన్నాడు జీవరాజ్. “సదువు, సదువు.”

ఆమె మంచిగా చదువుతుంది, బైబిల్ చదివిన గొంతు. సీను వచ్చింది. “ఒక పక్కకు ఒరిగింది. అలా ఒరిగితే రెండో మనిషి గడ్డపార పెట్టి ఎత్తాలి. బావ కుడిచేత్తో దాన్ని ఆపి పట్టుకున్నాడు. గడ్డపార నా కాళ్ళ దగ్గరే ఉంది.” ఊపిరి తీసుకునేంత సేపు ఆగింది. “గొలుసు జారింది. డై కిందపడింది.”

ఆ లైను చదవలేదు.

గొంతు తడబడలేదు, కళ్ళు ఎత్తలేదు. ఆమె చూసింది, దాటేసింది, ముందుకు పోయింది. వినేవాడికి అక్కడ ఒక లైను ఉండేదన్న అనుమానమే రాదు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్న నేను కూడా అంత శుభ్రంగా కొట్టలేను. భర్తను కాపాడుకుందో తమ్ముణ్ణి కాపాడుకుందో తెలియదు. నాకు మాత్రం ఆ క్షణంలో కథ అన్నా, పెన్ను అన్నా, చదువు అన్నా అసహ్యం వేసింది. ఇంత చేసి అచ్చు వేసిన నిజం నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషికి చేరలేదు.

ఆమె కథ పూర్తి చేసి పత్రిక మూసింది. “మంచిగ రాసినవు,” అంది తమ్ముడితో.

ఏసురాజు చాప మీంచి లేవలేదు.

“అక్క ఒక లైను ఇడిసిపెట్టింది, బావా.”

“ఏసూ, ఊకో,” అంది షెకినా.

“నువ్వు నాలుగుసార్లు పిలిచినవు. నేనిన్న. నాలుగుసార్లు ఇన్న. నువ్వు మేస్త్రివైనవని కడుపుమంట. తిరగలే.”

షెకినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జీవరాజ్ గ్లాసు కింద పెట్టాడు. బావమరిది వైపు కాదు, భార్య వైపు చూశాడు. తర్వాత అడిగాడు.

“నాలుగోసారి ఏమని పిలిచిన?”

ఆ జవాబు కథలో లేదు. నాకు చెప్పినదాంట్లోనూ లేదు. మొదటి మూడుసార్లు అతను పిలిచింది ‘ఏసూ’ అనే అయుంటుంది, వయసులో పెద్దవాడు, పైగా మేస్త్రి. ఏసురాజు మెడ వంగింది.

“అన్నా అన్నవు,” అన్నాడు. “ఏసన్నా, నీ కాళ్ళు మొక్కుత అన్నవు.”

జీవరాజ్ తల ఊపాడు. “అయితె ఇన్నవు,” అన్నాడు. “ఇనలేదనే రెండేండ్లు అనుకున్న. ఇన్నోడైతె రాకపోతడా అనుకున్న.”

తర్వాత వాకిలి వైపు చెయ్యి చూపించాడు, రెండు వేళ్ళ చెయ్యి.

ఏసురాజు లేచాడు. షెకినా అన్నం గిన్నె మీద మూత పెట్టింది.